పీఎస్5కి మానిటర్ కొనేముందు వెనకున్న పోర్టు చూడండి

మా చిన్నమ్మ కొడుకు తాడిపత్రిలో ఉంటాడు. దసరాకి పీఎస్5 కొన్నాడు, నెల తిరక్కుండానే అనంతపురం వచ్చి ఒక మానిటర్ కూడా కొనుక్కొని పోయాడు. 27 అంగుళాలు, 1440పీ, అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో 165 హెర్ట్జ్, కింద ఫ్రీసింక్ గుర్తు. ఆ రాత్రే ఫోన్.

"అన్నా, 165 అని రాసినారు. మెనూ తీస్తే 60 అని చూపిస్తా ఉండాది. నన్ను మోసం చేసినారా యేం?"

మోసమేమీ లేదు. అయితే వాడికి కావలసింది మొత్తం దొరకలేదన్నది కూడా నిజమే. ఆదివారం బస్సెక్కి పోయి చూసొచ్చాను. అప్పట్నుంచి ఎవరు అడిగినా నేను చెప్పే మాట ఒకటే. కంప్యూటర్‌కి మానిటర్ కొనే లెక్క వేరు, కన్సోల్‌కి కొనే లెక్క వేరు. కంప్యూటర్ డిస్‌ప్లేపోర్ట్ తీగతో తగిలించుకుంటుంది. పెట్టె మీద రాసే పెద్ద అంకె చాలాసార్లు ఆ దారిదే. పీఎస్5కీ, ఎక్స్‌బాక్స్‌కీ డిస్‌ప్లేపోర్ట్ ఉండదు. ఉన్నది హెచ్‌డీఎంఐ ఒక్కటే. కాబట్టి మానిటర్‌లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టు ఎంత మోయగలదో, ఏ భాష మాట్లాడుతుందో దాన్ని బట్టే మీకు దక్కేది ఉంటుంది. పైగా ఈ కన్సోళ్లు సెకనుకు 120 ఫ్రేములకు మించి పంపవు. 165 అయినా 180 అయినా 240 అయినా కన్సోల్‌కి 120తో సమానమే. ఆ పై అంకెకి అదనంగా డబ్బు పెట్టకండి.

ముందు తాడిపత్రిలో ఏం జరిగిందో చెబుతాను, ఎంపిక సంగతి అందులోనే తేలుతుంది.

మానిటర్ అడుగున ఉన్న బటన్ నొక్కితే వచ్చే సొంత మెనూలో ఇప్పుడు ఏ రిజల్యూషన్, ఎన్ని హెర్ట్జ్ వస్తోందో కనిపిస్తుంది. వాడు చూసింది అదే, కానీ చూసింది పీఎస్5 హోమ్ స్క్రీన్‌లో. పీఎస్5లో 120 హెర్ట్జ్ ఆన్ చేసి పెట్టినా హోమ్ స్క్రీన్ 60లోనే ఉంటుంది. 120కి తయారైన గేమ్ తెరిచినప్పుడే సిగ్నల్ మారుతుంది, మారేటప్పుడు తెర ఒక్క క్షణం నల్లబడుతుంది కూడా. ఇది తెలియక షాపువాళ్లతో గొడవ పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

సరే, గేమ్ తెరిచాం. ఫోర్ట్‌నైట్. అయినా 60. ఈసారి తప్పు గేమ్ సెట్టింగ్‌లో ఉంది. ఆ గేమ్ వీడియో మెనూలో `120 FPS Mode` అని విడిగా ఒక స్విచ్ ఉంటుంది, అది ఆఫ్‌లో ఉంది. మిగతా కొన్ని గేమ్‌లు కన్సోల్‌లో మనం పెట్టుకున్న ఇష్టాన్ని చూసుకుంటాయి. అందుకని అది కూడా సరిచేశాం:

```
Settings > Saved Data and Game/App Settings
  > Game Presets > Performance Mode
```

ఆ తర్వాత వీడియో మెనూ. రిజల్యూషన్ `Automatic`లో ఉంది. ఇలాంటి 1440పీ మానిటర్లలో కొన్ని తమకు 4కే సిగ్నల్ కూడా వస్తుందని కన్సోల్‌కి చెప్పుకుంటాయి, వచ్చిన 4కే బొమ్మను లోపల కుదించి చూపిస్తాయి. కన్సోల్ పాపం నమ్మి 4కే పంపుతుంది. 4కేలో ఆ పోర్టు 60కి మించి మోయలేదు. మేము `Automatic` తీసేసి చేత్తో `1440p` ఎంచుకున్నాం. కన్సోల్ ఒక పరీక్ష బొమ్మ చూపించి, కనిపిస్తోందా అని అడిగింది, సరే అన్నాం.

```
Settings > Screen and Video > Video Output
  Resolution      1440p
  120 Hz Output   Automatic
  VRR             Automatic
```

గేమ్ మళ్లీ తెరిచి మానిటర్ మెనూ నొక్కితే 2560x1440, 120 హెర్ట్జ్. వాడి మొహం వెలిగింది. అంతలోనే అడిగాడు, "మరి ఆ వీఆర్‌ఆర్ ఏమన్నా? నొక్కితే రావడం లేదు."

రాదు. ఎన్ని తిప్పలు పడినా ఆ మానిటర్‌తో రాదు.

వీఆర్‌ఆర్ అంటే తెర తన సొంత తాళాన్ని వదిలేసి, కన్సోల్ ఫ్రేము ఎప్పుడిస్తే అప్పుడు మారడం. అది లేకపోతే ఏమవుతుందో చూడండి. 60 హెర్ట్జ్ తెర ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి మారుతుంది. గేమ్ సెకనుకు 50 ఫ్రేములే తయారుచేస్తుంటే, ఒక్కో ఫ్రేముకు 20 మిల్లీసెకన్లు పడుతుంది. తెర మారే వేళకి కొన్ని ఫ్రేములు అందవు. అందనప్పుడు పాత ఫ్రేమే ఇంకో దఫా ఉండిపోతుంది. అలా కొన్ని ఫ్రేములు 16.7, కొన్ని 33.3 మిల్లీసెకన్లు నిలుస్తాయి. కెమెరా మెల్లగా పక్కకు తిప్పితే ఆ తేడా కుదుపులా తెలుస్తుంది, గుంతల రోడ్డు మీద ఆటోలో పోయినట్టు. వీఆర్‌ఆర్ ఉంటే ఆ 50 ఫ్రేములూ తలా 20 మిల్లీసెకన్లు సమానంగా నిలుస్తాయి. ఫ్రేములు పెరగవు, కుదుపు పోతుంది.

ఈ పని చేయడానికి హెచ్‌డీఎంఐ మీద రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి ఏఎండీవాళ్ల ఫ్రీసింక్, ఇది పాత హెచ్‌డీఎంఐ 2.0 పోర్టుల మీద కూడా నడుస్తుంది. రెండోది హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన సొంత వీఆర్‌ఆర్. పీఎస్5కి అర్థమయ్యేది ఈ రెండోది మాత్రమే. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, సిరీస్ ఎక్స్ రెండింటినీ ఒప్పుకుంటాయి. అందుకే మా తమ్ముడి మానిటర్ మీద ఫ్రీసింక్ అని ఉన్నా పీఎస్5 దాన్ని గుర్తించలేదు. అదే మానిటర్‌కి వాడి స్నేహితుడి సిరీస్ ఎస్ తగిలిస్తే వీఆర్‌ఆర్ వెంటనే పట్టుకుంది. మానిటర్‌లో లోపం లేదు, కన్సోల్‌లోనూ లేదు. జత కుదరలేదు, అంతే.

ఇక ఎంపికకి వస్తే, ముందు మీ దగ్గర ఏ కన్సోల్ ఉందో చూసుకోండి.

సిరీస్ ఎస్ ఉన్నవాళ్లది తేలికైన బేరం. ఆ కన్సోల్ గురి పెట్టేదే 1440పీ, 120 ఫ్రేములు. ఫ్రీసింక్ ఉన్న మామూలు 1440పీ మానిటరో, 1080పీ మానిటరో చాలు. హెచ్‌డీఎంఐ 2.1 కోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టనక్కర లేదు. మానిటర్ మెనూలో ఫ్రీసింక్ లేదా అడాప్టివ్ సింక్ అని ఉన్నదాన్ని ఆన్ చేయండి, చాలా మానిటర్లు దాన్ని ఆఫ్‌లో పెట్టి పంపుతాయి. తర్వాత కన్సోల్‌లో:

```
Settings > General > TV & display options
  Refresh rate    120 Hz
  Video modes >   Allow variable refresh rate
                  Allow auto low latency mode
```

ఎక్స్‌బాక్స్‌లో ఇంకో సుఖం, 120 పెడితే హోమ్ స్క్రీన్ కూడా 120లోకి వచ్చేస్తుంది. పని చేస్తోందా లేదా అన్న అనుమానమే ఉండదు.

పీఎస్5 ఉన్నవాళ్లకు మూడు దారులు.

మొదటిది, ఇంట్లో ఇప్పటికే కంప్యూటర్‌కి వాడుతున్న 24 అంగుళాల 1080పీ, 144 హెర్ట్జ్ మానిటర్. పోర్టు హెచ్‌డీఎంఐ 2.0 అయితే 1080పీలో 120 హాయిగా వస్తుంది. 1.4 అయినా కొన్నింట్లో వస్తుంది, తగిలించి చూడటమే. వీఆర్‌ఆర్ రాదు. ఎక్కువగా షూటింగ్ గేమ్‌లు ఆడేవాళ్లకు నేనైతే ముందు ఇదే వాడి చూడమంటాను. ఇలాంటి గేమ్‌లు 120ని చాలావరకు నిలబెట్టుకుంటాయి, అప్పుడు వీఆర్‌ఆర్ లేని లోటు పెద్దగా కనపడదు.

రెండోది, మా తమ్ముడు కొన్నటువంటిది. 1440పీ, హెచ్‌డీఎంఐ 2.0. ఆ పోర్టు సెకనుకు 18 గిగాబిట్లు మోస్తుంది. 1440పీ, 120 ఆ లోపలే ఇమిడిపోతుంది, 4కే 120 ఇమడదు. పీఎస్5లో 1440పీ అవుట్‌పుట్ 2022 సెప్టెంబర్ అప్‌డేట్‌తో వచ్చింది, 1440పీలో వీఆర్‌ఆర్ 2023 మార్చిలో వచ్చింది. ఆ తేదీలకు ముందు తీసిన వీడియోలు చూసి 'పీఎస్5కి 1440పీ మానిటర్ వద్దు' అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాట ఇప్పుడు చెల్లదు. 4కేలో తయారైన బొమ్మను కన్సోలే 1440పీకి కుదించి ఇస్తుంది, 27 అంగుళాల మీద అంచులు నునుపుగా కనిపిస్తాయి.

మూడోది, హెచ్‌డీఎంఐ వీఆర్‌ఆర్ ఉన్న మానిటర్. ఇందులో 1440పీవీ ఉన్నాయి, 4కేవీ ఉన్నాయి. పీఎస్5తో వీఆర్‌ఆర్ కావాలంటే ఈ గడపే తొక్కాలి.

ఈ మూడోదాంట్లో 1440పీయా, 4కేనా? మంచం పక్కన బల్ల మీద పెట్టుకొని రెండడుగుల దూరంలో కూర్చుని ఆడేవాళ్లకు 27 అంగుళాల 1440పీ సరిపోతుందని నా అభిప్రాయం. 120 ఫ్రేములు ఇచ్చే గేమ్‌లు దానికోసం ఎలాగూ రిజల్యూషన్ తగ్గించుకుంటాయి. 4కే మానిటర్ కొన్నా ఆ గేమ్‌ల్లో మీరు చూసేది నిండు 4కే కాదు. కథ ఉన్న పెద్ద గేమ్‌లు నాణ్యత మోడ్‌లో నింపాదిగా ఆడతాను, సినిమాలు కూడా దీంట్లోనే చూస్తాను అంటే 4కే తీసుకోండి.

వీఆర్‌ఆర్ ఎవరికి నిజంగా అక్కరకొస్తుంది అంటే, 60 పట్టాలని చూసి 50కీ 58కీ మధ్య ఊగే గేమ్‌లు ఆడేవాళ్లకి, ఫ్రేముల గరిష్ఠ హద్దు తీసేసి 70, 80, 90 దాకా పోనిచ్చే మోడ్ ఉన్న గేమ్‌లు ఆడేవాళ్లకి. పీఎస్5లో వీఆర్‌ఆర్ 48 నుంచి 120 హెర్ట్జ్ మధ్యనే పనిచేస్తుంది. గేమ్ 48 కిందికి పడిందంటే, ఆ గేమ్ తయారుచేసినవాళ్లు ఒక్కో ఫ్రేమును రెండుసార్లు పంపే ఏర్పాటు చేసి ఉంటే తప్ప, కుదుపు మళ్లీ మొదలవుతుంది. ఎక్స్‌బాక్స్‌లో ఆ రెండుసార్లు పంపే పని కన్సోలే చూసుకుంటుంది. కాబట్టి 30 ఫ్రేముల మోడ్‌లో ఆడుతూ పీఎస్5 వీఆర్‌ఆర్ ఏదో చేస్తుందని ఆశ పెట్టుకోవద్దు. మెనూలో `Apply to Unsupported Games` అని ఇంకో స్విచ్ ఉంది. వీఆర్‌ఆర్ కోసం సర్దని గేమ్‌లకు కూడా దాన్ని వర్తింపజేస్తుంది. చాలావాటికి మంచే చేస్తుంది. ఏదైనా గేమ్‌లో బొమ్మ వింతగా తోస్తే ముందు దాన్ని ఆపి చూడండి.

షాపులో ఎలా గుర్తుపట్టాలి అన్నదే అసలు చిక్కు. 'హెచ్‌డీఎంఐ 2.1' అన్న రాత ఒక్కటే చాలదు. ఆ ప్రమాణం చూసే సంస్థ పాత 2.0ను 2.1లోనే కలిపేసింది, కొత్త సౌకర్యాలన్నీ ఐచ్ఛికం. 18 గిగాబిట్ల పాత పోర్టు పెట్టి కూడా 2.1 అని రాసుకోవచ్చు, అది తప్పు కిందకి రాదు. అందుకని అంకె వదిలేసి సౌకర్యాలు అడగండి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేజీ తీసి రెండు వాక్యాలు వెతకండి. ఒకటి, హెచ్‌డీఎంఐ మీద ఏ రిజల్యూషన్‌కి ఎన్ని హెర్ట్జ్ అని. రెండు, `HDMI VRR` అన్న మాట, లేదా పీఎస్5కి వీఆర్‌ఆర్ వస్తుందన్న స్పష్టమైన రాత. ఉత్త `FreeSync` కనిపిస్తే పీఎస్5 వాళ్లు పేజీ మూసేయొచ్చు. ఎన్విడియావాళ్ల పాత జీ-సింక్ మానిటర్లు ఇంకా దండగ, లోపల ప్రత్యేక చిప్ ఉన్న ఆ తరం మానిటర్లకు ఆ సౌకర్యం డిస్‌ప్లేపోర్ట్ మీదే నడిచేది.

అన్నిటికన్నా నమ్మకమైన సాక్ష్యం కన్సోలే. మేమైతే తర్వాత ఇంకొకరికి కొనిచ్చేటప్పుడు పీఎస్5ని బ్యాగులో పెట్టుకొని టవర్ క్లాక్ దగ్గర షాపుకే తీసుకుపోయాం. షాపాయన మొదట నవ్వాడు, తర్వాత తనే తీగ అందించాడు. తగిలించి `Video Output` తెరిస్తే `VRR` వరుస నొక్కడానికి వీలుగా ఉందా లేదా అన్నది పది సెకన్లలో తేలిపోయింది. మొదటి మానిటర్‌లో నొక్కుడు పడలేదు. రెండోదాంట్లోనూ పడలేదు, కానీ దాని మెనూలో అడాప్టివ్ సింక్ ఆఫ్‌లో ఉంది. ఆన్ చేశాక వచ్చింది. కొన్ని మానిటర్లలో హెచ్‌డీఎంఐ వెర్షన్ ఎంచుకునే వరుసో, కన్సోల్ మోడ్ అనో విడిగా ఉంటుంది, అది కూడా చూడాలి. 'రాదు' అని తేల్చేముందు మానిటర్ మెనూ ఒకసారి మొత్తం తిరగేయండి.

ఇప్పుడు ఆలస్యం సంగతి. ఆటోమేటిక్ లో లేటెన్సీ మోడ్, అంటే ఏఎల్‌ఎల్‌ఎం, టీవీల కోసం పుట్టింది. టీవీ బొమ్మకు మెరుగులు దిద్దుతూ ప్రతి ఫ్రేమునూ కాసేపు పట్టి ఉంచుతుంది. బటన్ నొక్కినదానికీ తెర మీద జరిగినదానికీ మధ్య ఎడం అక్కడే పెరుగుతుంది. గేమ్ మొదలవగానే కన్సోల్ టీవీకి సైగ చేసి ఆ మెరుగులు ఆపించడమే ఏఎల్‌ఎల్‌ఎం పని. మానిటర్లలో ఆ మెరుగుల గోల మొదట్నుంచీ తక్కువ. కాబట్టి మీ మానిటర్‌తో `ALLM` రాకపోతే టెన్షన్ పడకండి, దానికోసం ఎక్కువ ధర మానిటర్‌కి పోకండి. మానిటర్ మెనూలో గేమ్ మోడ్ లాంటిది ఉంటే పెట్టుకొని, నాయిస్ తగ్గించేవి, బొమ్మ పదును పెంచేవి ఆపేస్తే చాలు. 60 నుంచి 120కి మారడమే అసలు లాభం. తెర మారే వ్యవధి 16.7 నుంచి 8.3 మిల్లీసెకన్లకు పడిపోతుంది, గురి పెట్టినప్పుడు చేతికి తెలుస్తుంది.

పెట్టె మీద ఉండే 1 మిల్లీసెకను మాత్రం ఈ ఆలస్యం కాదు. అది తెరలోని చుక్క ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మారే వేగం, అది కూడా మానిటర్ మెనూలో ఆ వేగం పెంచే ఓవర్‌డ్రైవ్‌ను చివరిదాకా తిప్పితే వచ్చేది. అలా చివరిదాకా తిప్పి వీఆర్‌ఆర్‌లో ఆడితే, ఫ్రేములు 60కి దిగినప్పుడు కదిలే వస్తువుల వెనక తెల్లటి అంచు ఈడ్చుకుంటూ వస్తుంది. మధ్య మెట్టులో ఉంచండి.

వీఆర్‌ఆర్ ఆన్ చేశాక కొందరికి చీకటి సన్నివేశాల్లో, లోడింగ్ తెరల్లో వెలుగు మినుకుమినుకుమంటుంది. మానిటర్ పాడైందనుకుంటారు. ఫ్రేముల సంఖ్య ఒక్కసారిగా ఎగిరి పడేటప్పుడు వీఏ, ఓఎల్‌ఈడీ రకం తెరల్లో వెలుగు కొద్దిగా మారడం వల్ల వచ్చేది అది. ఐపీఎస్ రకం తెరల్లో తక్కువ. రాత్రి లైట్లార్పి ఆడే అలవాటుంటే వీఆర్‌ఆర్ కోసం ఐపీఎస్ చూసుకోండి. అలా కాకుండా తెర మొత్తం సెకనో రెండు సెకన్లో నల్లబడి మళ్లీ వస్తుంటే, చుక్కలు చుక్కలుగా మెరుస్తుంటే, ఆ తప్పు చాలావరకు తీగది. కన్సోల్ పెట్టెలో వచ్చిన తీగే వాడండి. మా తమ్ముడు గోడకి అందలేదని ఎక్కడో కొన్న ఐదు మీటర్ల తీగ వేశాడు, బల్ల జరిపి అసలు తీగ పెట్టించాను. 4కే మానిటర్ అయితే `4K Video Transfer Rate`ను `-1` లేదా `-2`కి తగ్గించి చూడండి. నల్లబడటం ఆగిపోతే అనుమానం తీరినట్టే, కొత్త తీగ కొనేటప్పుడు 'అల్ట్రా హై స్పీడ్' అన్న ముద్ర ఉన్నది అడగండి.

చాలా మానిటర్లలో స్పీకర్లు ఉండవు, ఉన్నా వినేలా ఉండవు. పీఎస్5 కంట్రోలర్‌కే ఇయర్‌ఫోన్ గుచ్చుకునే చోటు ఉంది, అది వాడుకోండి. రాత్రి పన్నెండుకి ఇంట్లోవాళ్లకూ అదే మంచిది.

మా తమ్ముడి మానిటర్‌ని షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు, ఇంకో ఐదు వేలు వేస్తే మార్చి ఇస్తామన్నారు. వద్దన్నాను. వాడు ఆడేది ఎక్కువగా ఫోర్ట్‌నైట్, దాంట్లో 120 వస్తోంది. కథ గేమ్‌లకు ఇంకో దారి చూపించాను. కొన్ని పెద్ద గేమ్‌లలో 120 హెర్ట్జ్ తెర ఉంటే 40 ఫ్రేముల మోడ్ తెరుచుకుంటుంది. 120ని 40తో భాగిస్తే సరిగ్గా 3. ప్రతి ఫ్రేమూ తెర మూడు మార్పుల పాటు, 25 మిల్లీసెకన్లు, తేడా లేకుండా నిలుస్తుంది. కుదుపు ఉండదు, వీఆర్‌ఆర్ అవసరం పడదు. 30 కన్నా చేతికి చురుగ్గా ఉంటుంది, బొమ్మ నాణ్యత దాదాపు 30దే. 60 హెర్ట్జ్ తెర మీద ఇది కుదరదు, 60ని 40 భాగించదు కాబట్టి.

పోయిన వారం ఫోన్ చేశాడు. "అన్నా, ఆ 40 బాగుండాది. వీఆర్‌ఆర్ ఉంటే ఇంకా బాగుంటాదా?" అన్నాడు. నీ ఐదు వేలు జేబులోనే పెట్టుకో, ముందు ఆ ఐదు మీటర్ల తీగ మళ్లీ తగిలించినావేమో చూడు అన్నాను. తగిలించాడంట.